గొంతులో చోటు లేదని సాక్షిని బయటికి పంపిస్తామా?

పొడుగు పోస్టే, తీరిక చూసుకుని చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ సగం చదివి తిట్టకండి.

ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం మీద మన సంఘం తరఫున వచ్చిన పెద్ద వ్యాసాన్ని వీడియో చేస్తున్నామని మీకు తెలుసు. స్క్రిప్టు మొదటి ప్రతి పోయిన వారం మన గ్రూపులో పెట్టారు. వ్యాసాన్నీ స్క్రిప్టునీ పక్కపక్కన పెట్టుకుని వరస వరసగా చూసిన నలుగురి తరఫున రాస్తున్నాం. "మేము" అంటే ఆ నలుగురమే.

గ్రూపులో రెండు పక్షాలు తయారయ్యాయి. పిల్లల పక్షం ఇలా అంటోంది: "వీడియోలో ఆధారాలు ఎవరికి కావాలి అంకుల్? పేర్లు, పుటలు అన్నీ తీసేద్దాం. ఆసక్తిగా ఉండేది ముందు పెడదాం." పెద్దల పక్షం ఇంకోలా అంటోంది: "వ్యాసాన్ని ఉన్నదున్నట్టు చదివి, వెనకాల వీణ పెడితే చాలు. ఒక్క అక్షరం తీసినా మహాపాపం." మేము రెండు పక్షాలకీ ఒప్పుకోం. పెద్దల మాట వింటే వీడియో ఎవరూ చూడరు. పిల్లల మాట వింటే చూస్తారు, చూసి అబద్ధం నేర్చుకుంటారు. రెండో నష్టం పెద్దది.

ముందు పెద్దలకి జవాబు చెబుతాం. వ్యాసంలో సుమారు 3,600 మాటలున్నాయి. గడియారం పెట్టుకుని పైకి చదివితే మాకు నిమిషానికి నూరు మాటలు పడ్డాయి. అంటే మొత్తం చదవడానికి ముప్పై ఆరు నిమిషాలు. మనం అనుకున్న వీడియో తొమ్మిది నిమిషాలు. అంటే 900 మాటలు. నాలుగింట మూడు వంతులు పోవాల్సిందే, ఇందులో వాదన లేదు. పైగా కాగితం మీది వాక్యం చెవికి ఎక్కదు. చదివేవాడు అర్థం కాకపోతే వెనక్కి వెళ్తాడు. వినేవాడికి వెనక్కి వెళ్ళే ఓపిక ఉండదు, వేరే వీడియోకి పోతాడు.

కోత తప్పదు సరే, దేన్ని కోయాలన్నదే అసలు తగవు. మొదటి ప్రతిలో ప్రతి పేరాలోంచీ కొంచెం కొంచెం గీకారు. అలా గీకితే అన్ని విషయాలూ ఉంటాయి, ఏ విషయమూ నిలబడదు. కోస్తే విషయాలకి విషయాలే కోయాలి. వ్యాసంలో తంజావూరు నాయకరాజుల కాలపు కవయిత్రుల మీద పెద్ద భాగం ఉంది, ఛందస్సు మీద ఒక భాగం ఉంది. రెండూ మంచివే. రెండూ ఈ వీడియోలోంచి పూర్తిగా తీసేద్దాం. రంగాజమ్మ మీద ఇంకో వీడియో చేసుకుందాం. అలా తీస్తేనే మిగిలిన వాటికి ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది. పిల్లలు మాత్రం వాటిని ఉంచి, ఎవరు చెప్పారన్న సంగతిని కోశారు. ఇంటిని చిన్నది చేయమంటే గదులు తగ్గించకుండా పునాది రాళ్ళు పీకినట్టయింది.

ఇక పిల్లల పక్షానికి. ఆధారాలన్నీ ఒక్క జాతి కాదు. మాలో రైల్వే పార్సిల్ ఆఫీసులో పని చేసినవాళ్ళున్నారు కనక ఆ పోలిక చెబుతాం. మూట మీద చిన్న లేబుల్ ఉంటుంది: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ నంబరు. వేరుగా వేబిల్లు ఉంటుంది: బరువు, కూలి, పంపినవాడు, అందుకునేవాడు అన్నీ అందులో ఉంటాయి. వేబిల్లుని మూటకి అతికించక్కర్లేదు, అది కాగితాలతో వేరే వెళ్తుంది. కానీ లేబుల్ చింపేస్తే ఆ మూట ఎవరిదో దేవుడికే తెలియాలి. వ్యాసంలో పుట సంఖ్య, ముద్రణ, సంపుటం వేబిల్లు లాంటివి. "ఈ మాట అన్నది ఎవరు" అన్నది లేబుల్. పుట సంఖ్యలు గొంతులోంచి తీసేయండి, మేమూ ఒప్పుకుంటాం. వాటిని వీడియో కింద రాసుకోవచ్చు. లేబుల్‌ని మాత్రం ముట్టుకోవద్దు.

ఉదాహరణ చూడండి. వ్యాసంలో ఉన్న సంగతి ఇది: కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళని ప్రతిభని కాదనకుండానే, ఆ కావ్యంలో స్త్రీలు వినరాని, పలకరాని భాగాలున్నాయని నిందించారు. వ్యాసంలో ఈ వాక్యానికి ముందూ వెనకా పుస్తకం పేరు, సంపుటం, పుట, ముద్రణ సంవత్సరం ఉన్నాయి. మొదటి ప్రతిలో ఏం మిగిలిందో చూడండి: "ఈ కావ్యంలో స్త్రీలు వినరాని భాగాలు ఉన్నాయి." అంతే. పంతులుగారు పోయారు. ఆయన అభిప్రాయం మన సంఘం అభిప్రాయం అయిపోయింది! బెంగళూరు నాగరత్నమ్మగారు ఏ మాటకి ఎదురు నిలిచారో ఆ మాటనే మన గొంతుతో మనం ప్రకటిస్తున్నాం. పుట సంఖ్య తీసేస్తున్నామనుకుని మనిషిని తీసేశారు.

మేము రాసుకున్నది ఇలా ఉంది: "ఈ కావ్యం మీద మొదటి దెబ్బ వేసింది చిన్న మనిషి కాదు. స్త్రీల చదువు కోసం, వితంతువుల పెళ్ళిళ్ళ కోసం జీవితం ధారపోసిన వీరేశలింగం పంతులుగారు. ఇందులో ఆడవాళ్ళు వినకూడని మాటలున్నాయన్నది ఆయన తీర్పు." పుట లేదు, సంపుటం లేదు. అయినా లేబుల్ భద్రంగా ఉంది. పైగా వినేవాడికి ఇప్పుడు ఆసక్తి కూడా పెరిగింది, అంతటి సంస్కర్త ఇలా ఎందుకన్నారని. ఆధారం ఆసక్తిని చంపుతుందని ఎవరన్నారు? మనిషి పేరుతో చెప్పిన ఆధారమే కథలో పాత్ర అవుతుంది.

ఇంకో రకం ఉంది, అది మరీ సున్నితం. వ్యాసంలో కొన్ని మాటలు గట్టివి, కొన్ని వినికిడివి. రాసిన పెద్దాయన చాలా జాగ్రత్తగా "అని చెబుతారు", "కావచ్చు", "ఆమే రాసుకున్న ప్రకారం" అని పెట్టారు. మొదటి ప్రతిలో ఇవన్నీ ఊడిపోయాయి. "మాటలు ఎక్కువవుతున్నాయి" అన్నారు. అయ్యా, తెలుగులో ఈ పనికి మూడు మాటలు అక్కర్లేదు, "అట" ఒక్కటి చాలు. నిషేధం ఎత్తేసినప్పుడు ప్రకాశం పంతులుగారు తెలుగు సాహిత్యం గురించి ఒక అందమైన మాట అన్నారని చెప్పుకుంటారు. దాన్ని వీడియోలో చెప్పాలనిపిస్తే "అన్నారట" అనండి. "అన్నారు" అని దాన్ని రికార్డు చేయకండి. తమిళంలో చదువుకున్న మాకు ఈ విలువ ఇంకా బాగా తెలుసు. తమిళంలో "వందార్" అంటే వచ్చారు. "వందారాం" అంటే వచ్చారట. చివర ఒక్క ధ్వని మారితే సాక్ష్యం బరువు మారిపోతుంది. మన రెండు భాషల్లోనూ నోటి మాటకి ఆధారపు గుర్తు వ్యాకరణంలోనే ఉంది. దాన్ని కత్తిరించి ఎన్ని సెకన్లు మిగిల్చారు?

అలాగని ప్రతిదానికీ "అట" తగిలించినా ముప్పే. 1910లో నాగరత్నమ్మగారు ఆ కావ్యాన్ని పరిష్కరించి మద్రాసులో వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించారు. ఇది గట్టి సంగతి. దీన్ని "వేయించారట" అంటే గట్టి రాయి కూడా ఊరి కబురైపోతుంది. ఎక్కడ "అట" ఉండాలో, ఎక్కడ ఉండకూడదో వ్యాసం చూసి మాత్రమే తేల్చాలి, వినడానికి ఎలా ఉందన్నది చూసి కాదు.

ఇప్పుడు వరస మార్చడం గురించి. ఇక్కడ మేము పిల్లల వైపే. వ్యాసం తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి వంశంతో మొదలవుతుంది. ఆయన 1739 నుంచి 1763 దాకా పాలించారు, ముద్దుపళని ఆయన ఆస్థానంలోని మనిషి. వ్యాసానికి అది సరైన మొదలే. వీడియోకి కాదు. రాజు తాతగారి పేరు చెప్పేలోపు చూసేవాడు వెళ్ళిపోతాడు. కథలో అందరినీ పట్టి ఆపే చోటు 1911. ఆ ఏడు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

మరి గొడవెక్కడ? మొదటి ప్రతిలో మొదటి వాక్యం ఇది: "బ్రిటిష్ వాళ్ళు భయపడిన తెలుగు స్త్రీ ఎవరో తెలుసా?" బాగా మోగుతుంది. కానీ వ్యాసంలో ఎక్కడా బ్రిటిష్ వాళ్ళు భయపడలేదు. అశ్లీలమన్నారు, ప్రతులు పట్టుకున్నారు. అశ్లీలం అనడం వేరు, భయపడడం వేరు. ఈ ప్రశ్న వేసి తొమ్మిది నిమిషాలు కూచోబెడితే, జవాబు చెప్పడానికి మన దగ్గర ఏమీ లేదు. అప్పుడు చివర్లో ఏదో ఒకటి కల్పించాల్సి వస్తుంది. తప్పుడు ప్రశ్న అడిగినవాడు తప్పుడు జవాబు చెప్పక తప్పదు.

మేము పెట్టిన కొలత చాలా చిన్నది. మొదట్లో వేసే ప్రశ్నకి జవాబు వ్యాసంలోని ఏ పేరాలో ఉందో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే ఆ ప్రశ్న మనది కాదు. ఆ కొలతతో మేము రాసుకున్న మొదలు ఇది:

"తంజావూరు రాజసభలో ఉన్న ఒక స్త్రీ ఒక కావ్యం రాసింది. సుమారు నూట యాభై ఏళ్ళకి మద్రాసులో అదే కావ్యాన్ని అచ్చు వేస్తే ప్రభుత్వం నిషేధించింది, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. కావ్యం మారలేదు. రాజసభలో తప్పు కానిది మద్రాసులో నేరం ఎలా అయింది? ఈ మధ్యలో మారింది ఏమిటి?"

దీన్ని పైకి చదివితే అర నిమిషం కూడా పట్టదు. ఇందులో భయపడిన తెల్లవాడు లేడు, అయినా ఆగి వినాలనిపిస్తుంది. పైగా దీనికి జవాబు వ్యాసంలో ఉంది. తంజావూరులో దేవదాసి చదువుకున్న మనిషి, కవి, ఆస్థానంలో గౌరవం ఉన్న మనిషి. నూట యాభై ఏళ్ళ తర్వాత కొత్త చదువులు చదివిన పెద్దమనుషుల కళ్ళకి ఆ దేవదాసే కనబడకూడనిదైంది. ఆమె నోట శృంగారం వినకూడనిదైంది. మారింది పుస్తకం కాదు, చూసే కన్ను. వీడియో మొత్తం ఈ జవాబు వైపు నడవాలి.

వరస మార్చేటప్పుడు మేము పాటించినది ఒక్కటే: ఒక్కసారే దూకాలి, తర్వాత తిన్నగా నడవాలి. 1911లో మొదలుపెట్టి ఒకేసారి తంజావూరుకి వెనక్కి వెళ్ళాం. అక్కడి నుంచి 1887 ముద్రణ, వీరేశలింగం పంతులుగారి విమర్శ, నాగరత్నమ్మగారి పూనిక, 1910 ముద్రణ, మళ్ళీ 1911, చివర నిషేధం ఎత్తివేత. మొదలుకి ఒక నిమిషం, తంజావూరుకి రెండు, 1887కీ విమర్శకీ కలిపి ఒకటిన్నర, నాగరత్నమ్మగారికి రెండున్నర, నిషేధానికి ఒకటి, ఎత్తివేతకి ఒకటి. మొత్తం తొమ్మిది. మొదటి ప్రతిలో ఐదుసార్లు ముందుకీ వెనక్కీ దూకారు. ప్రతి దూకుడూ విడిగా ఆసక్తిగానే ఉంది. ఐదోసారికి వినేవాడికి ముద్దుపళని ముందో నాగరత్నమ్మ ముందో తెలియదు. ఇద్దరూ ఒకే కాలం వాళ్ళనుకుంటాడు.

దూకిన చోట సంవత్సరాన్ని తెర మీద పెద్దగా చూపించాలి, గొంతులో మాత్రం అంకెలు తగ్గించాలి. "పంతొమ్మిది వందల పదకొండులో" అనే బదులు "పుస్తకం వచ్చిన మరుసటి ఏడే" అనండి. చెవికి దూరం అర్థమవుతుంది, నెంబరు అర్థం కాదు.

ఇప్పుడు అసలు తగవుకి వస్తున్నాం. ఆధారాలు కోయడం అందరికీ కనబడుతుంది, వరస మార్చడం కూడా కనబడుతుంది. ఎవరి కంటికీ పడకుండా అబద్ధం దూరేది అతుకు మాటల్లోంచి. వ్యాసంలో ఉపశీర్షికలుంటాయి, పేరాల మధ్య ఖాళీ ఉంటుంది. గొంతుకి ఖాళీ లేదు. ఖాళీ ఉన్నచోట ఏదో ఒక మాట పెట్టాలి. ఆ మాట వ్యాసంలో లేనిది, స్క్రిప్టు రాసేవాడు సొంతంగా పెట్టేది. వ్యాసకర్త పూచీ లేని మాటలు వీడియోలో అవే. అలాంటప్పుడు వాటి మీదే కదా ఎక్కువ కన్ను ఉండాలి?

మొదటి ప్రతిలో ఉన్న రెండు అతుకులు చెబుతాం. మొదటిది: "వీరేశలింగం ఈ కావ్యాన్ని తీవ్రంగా విమర్శించారు. అందుకే 1911లో ప్రభుత్వం దీన్ని నిషేధించింది." ఈ "అందుకే" ఎక్కడి నుంచి వచ్చింది? వ్యాసంలో రెండూ వేరువేరు చోట్ల ఉన్నాయి, మధ్యలో చాలా జరిగింది. పంతులుగారి విమర్శ ముందే ఉంది. నాగరత్నమ్మగారు తన ముద్రణ పీఠికలోనే దానికి జవాబిచ్చారు. సిగ్గు ఆడవాళ్ళకే సహజమా, మగ కవులకి అక్కర్లేదా అన్నది ఆమె ప్రశ్న సారం. ఆ పుస్తకం బయటికి వచ్చాక పత్రికలో ఆక్షేపణ వచ్చింది, తర్వాత ప్రభుత్వం కదిలింది. విమర్శ వల్ల గాలి అటు మళ్ళి ఉండొచ్చు. కానీ ఒకటి రెండోదానికి కారణమని వ్యాసం రుజువు చూపలేదు. మూడక్షరాల "అందుకే" ఆ రుజువు పని చేసేసింది.

రెండోది ఇంకా ముద్దుగా ఉంది: "చివరికి 1947లో స్వాతంత్ర్యం వచ్చింది. దాంతో నిషేధం కూడా తొలగిపోయింది." వినగానే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ నిషేధం ఎత్తేసింది టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం అని వ్యాసమే చెబుతోంది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్నది 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి దాకా. స్వాతంత్ర్యం వచ్చింది ఆగస్టులో. అప్పటికి ఆయన దిగిపోయి ఐదు నెలలు. అంటే "దాంతో" అన్న ఒక్క మాట నెలల్ని తలకిందులు చేసింది, చేసినవాళ్ళ పేరు మింగేసింది. జెండా ఎగిరితే దానంతట అది తొలగిన నిషేధం కాదు అది. మన తెలుగువాళ్ళు అడిగితే, ఒక తెలుగువాడు పెద్దగా ఉన్న ప్రభుత్వం సంతకం పెడితే తొలగింది. మన సంఘానికి ఇంతకన్నా చెప్పుకోదగ్గ సంగతి ఉందా? దాన్నే మనం పారేసుకున్నాం.

అందుకని అతుకు మాటల్ని మేము రెండు గంపల్లో వేశాం. "సరే", "ఇక", "ఇంతకీ", "ఇందాక అనుకున్నాం కదా", "ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం" లాంటివి ఒక గంప. ఇవి దారి చూపే మాటలు, ఏ సంగతీ చెప్పవు, ఎన్నైనా వాడుకోవచ్చు. "ఇంతకీ" అన్నది మన భాష మనకిచ్చిన గొప్ప సాధనం. పక్కదారి పోయిన వినేవాణ్ణి చెయ్యి పట్టి ప్రశ్న దగ్గరికి తెస్తుంది. తంజావూరు వర్ణన అయ్యాక "ఇంతకీ ఈ కావ్యం మద్రాసు దాకా ఎలా వచ్చింది?" అంటే చాలు, ఉపశీర్షిక పని అయిపోతుంది. వ్యాసంలోని "పైన పేర్కొన్న", "ముందు అధ్యాయంలో చూపినట్టు" లాంటివి ఇలాగే మార్చుకోవాలి. చెవికి పైనా కిందా లేవు.

రెండో గంపలో "అందుకే", "దాంతో", "ఫలితంగా", "చివరికి" ఉన్నాయి. ఇవి అతుకుల్లా కనబడతాయి కానీ నిజానికి సంగతులు. "అందుకే" అన్నామంటే కారణం చెప్పామని అర్థం. అందుకని స్క్రిప్టులో ప్రతి "అందుకే" పక్కనా వ్యాసంలోని పేరా నంబరు రాయాలి. నంబరు లేని "అందుకే"ని కొట్టేసి "ఆ తర్వాత" అని పెట్టుకోవాలి. అది కూడా తేదీ చూశాకే. మేము మొదటి ప్రతిలో ఇలాంటివి పదకొండు లెక్కపెట్టాం. నాలుగింటికే పేరా దొరికింది.

"ఇంత చూసేదెవరు, వినేవాళ్ళకి ఆ తేడా తెలుస్తుందా?" అని ఒకరు గ్రూపులో అడిగారు. మేము చూశాం. మొదటి ప్రతిని వ్యాసం చదవని ముగ్గురికి చదివి వినిపించి, మర్నాడు వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పమన్నాం. ఒక పెద్దావిడ చెప్పింది: "ఆ పుస్తకాన్ని వీరేశలింగం గారు బ్యాన్ చేశారంట." ఇంకో అబ్బాయి చెప్పాడు: "ఇండిపెండెన్స్ రాగానే రిలీజ్ అయింది." ఇద్దరూ శ్రద్ధగా విన్నారు, తప్పు వాళ్ళది కాదు. మన అతుకులే వాళ్ళకి గుర్తున్నాయి. సంగతులు జారిపోయాయి, అతుకులు నిలిచాయి. స్క్రిప్టు బాగుందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా ఖర్చు లేని పరీక్ష లేదు: వినిపించాలి, ఒక రాత్రి ఆగాలి, తిరిగి చెప్పించాలి. వ్యాసంలో లేని కారణం వాళ్ళ నోట వస్తే, అది ఏ అతుకులోంచి వచ్చిందో వెతికి పట్టుకోవాలి.

ఈ పట్టు ఎందుకో కూడా చెప్పాలి. విజయవాడలోనో హైదరాబాదులోనో ఎవరైనా ఇలాంటి వీడియో చేస్తే, అనుమానం వచ్చినవాడు వ్యాసం తెరిచి చదువుకుంటాడు. మన పిల్లలకి ఆ దారి లేదు. హోసూరులో, కోయంబత్తూరులో, మదురైలో మన ఇళ్ళలో తెలుగు మాట్లాడే పిల్లలున్నారు, తెలుగు చదవగలిగేవాళ్ళు కొద్దిమందే. మేమూ తమిళంలోనే చదువుకున్నవాళ్ళం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక రాత్రిళ్ళు కూడబలుక్కుని నేర్చుకున్నాం. చదవలేనివాడికి వీడియోయే పుస్తకం. దాని వెనక ఇంకో పుస్తకం లేదు. వ్యాసాన్ని కోసి చేసిన ముక్క వాడికి పూర్తి వ్యాసం. అలాంటివాడి దగ్గర "వివరాలకి కింద చూడండి" అంటే ఏం చూస్తాడు? కింద తెలుగు లిపిలో రాసింది వాడికి గోడే. అందుకే పుట సంఖ్యలు కిందికి పోయినా, మనిషి పేరు గొంతులో ఉండాలంటున్నాం. పుస్తకాల పేర్లు తెర మీద తెలుగుతో పాటు తమిళ లిపిలో కూడా పడాలంటున్నాం. రేపు వాడి తమిళ స్నేహితుడు "ఆధారం ఎంగే?" అని అడుగుతాడు. మాట రెండు భాషల్లోనూ ఒకటే. వాడి దగ్గర ఒక్క పేరైనా ఉండాలి కదా చెప్పడానికి.

ఇంకొక్క సంగతి. రాధికా సాంత్వనం 1887లో ఒకసారి అచ్చయింది. అందులో అసలు కావ్యంలోని కొన్ని భాగాలు లేవు. నాగరత్నమ్మగారు ఆ అచ్చుతో తృప్తి పడలేదు. వ్రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, పోయినవి తిరిగి చేర్చి అచ్చు వేయించారు. తనకి ఏది ఎక్కడ దొరికిందో పీఠికలో చెప్పారు. ఆమె మైసూరు సీమలో నంజనగూడులో పుట్టి మద్రాసులో స్థిరపడ్డ మనిషి, మనలాగే ఆంధ్రదేశం బయట పెరిగిన మనిషి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది కూడా ఆమే. ఎవరో తోచినట్టు కోసిన పుస్తకాన్ని ఆమె అంత కష్టపడి నిండుగా నిలబెడితే, ఆమె కథనే మనం తోచినట్టు కోసి, తోచినట్టు అతికి పంచుతామా? కోయడం తప్పు కాదు, మళ్ళీ చెబుతున్నాం. ఎక్కడ కోశామో గుర్తు లేకుండా కోయడం తప్పు.

కాబట్టి వచ్చే ఆదివారం సమావేశంలో మేము మూడు తీర్మానాలు పెడతాం. ఒకటి, స్క్రిప్టు రెండు నిలువు వరసల్లో ఉండాలి. ఎడమ పక్క చదివే మాట, కుడి పక్క వ్యాసంలోని పేరా నంబరు, తెర మీద పడే పేరు. కుడి పక్క ఖాళీగా ఉన్న వాక్యం దారి చూపే అతుకైనా కావాలి, లేదా కొట్టేయాలి. రెండు, రికార్డింగుకి ముందు వ్యాసకర్త ఒకసారి వినాలి. చదవడం కాదు, కళ్ళు మూసుకుని వినాలి. ఆయన ఇంకా మన మధ్యే ఉన్నారు, అడగడానికి మొహమాటం దేనికి? మూడు, వ్యాసం తెలియని ముగ్గురి చేత మర్నాడు తిరిగి చెప్పించాకే వీడియో ఎక్కించాలి.

దీనివల్ల వీడియో వారం రోజులు ఆలస్యమవుతుందని అంటారు. అవుతుంది. 1911లో నిషేధించిన పుస్తకం మళ్ళీ అచ్చులోకి రావడానికి 1952 దాకా పట్టింది. మన వీడియో ఒక వారం ఆగలేదా?

మేము రాసుకున్న తొమ్మిది నిమిషాల ప్రతిని రేపు గ్రూపులో పెడతాం. అందులో కూడా నంబరు లేని "అందుకే" కనబడితే పట్టుకోండి. సమావేశానికి వచ్చేటప్పుడు పెన్సిలు తెచ్చుకోండి.